టీవీ మీద నింద, ల్యాప్‌టాప్ చేసిన పని

హైదరాబాద్‌లో ఏ బ్యాచిలర్ ఫ్లాట్‌కు వెళ్లినా రాత్రి తొమ్మిది దాటాక వినిపించే మాట ఒకటుంది: "ఎవడ్రా నెట్ అంతా లాగేస్తోంది?" నలుగురు కలిసి డబ్బులేసుకుని తీసుకున్న కనెక్షన్, నాలుగు ఫోన్లు, నాలుగు ల్యాప్‌టాప్‌లు, హాల్లో ఒక టీవీ. ఒకడికి అమెరికా క్లయింటుతో వీడియో కాల్ ఉంటుంది, సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగిపోతుంది. అందరూ హాల్లో మ్యాచ్ చూస్తున్నవాడి వైపు చూస్తారు. టీవీ ఆపించేస్తారు. కాల్ బాగుపడదు. అప్పుడు తిట్లు నెట్ కంపెనీ మీదికి మళ్లుతాయి.

నిజానికి దోషి ఎవరో చెప్పగల సాక్షి అదే హాల్లో గోడకు వేలాడుతూ ఉంటుంది. ఇంట్లోని ప్రతి ఫోనూ, ప్రతి ల్యాప్‌టాపూ పంపేదీ తెచ్చుకునేదీ రౌటర్ గుండానే పోవాలి. ఎవరి ఖాతాలో ఎన్ని బైట్లు పోయాయో అది లెక్క రాయగలదు. కాకపోతే చాలా రౌటర్లలో ఆ లెక్క రాసే పని మొదట ఆపేసి ఉంటుంది, రాసినా దాన్ని చదవడంలో ఎక్కువమంది ఒకేచోట పొరబడతారు. మన దగ్గర లక్షణంగా ఇంటింటా కనిపించే పాత టీపీ-లింక్ రౌటర్‌ను, అంటే ఆకుపచ్చ రంగు సెట్టింగ్స్ పేజీ ఉండే TL-WR841N లాంటిదాన్ని, ఉదాహరణగా తీసుకుని పైన చెప్పిన ఫ్లాట్‌లో లెక్క తేలుద్దాం. ప్లాన్ 40 ఎంబీపీఎస్ అనుకుందాం. అర్ధరాత్రి మిగతావన్నీ ఆపి, రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే రావడానికి 38, పోవడానికి 38 వచ్చిందనుకుందాం. ఈ అంకె కాగితం మీద రాసి పెట్టుకోవాలి, తర్వాత దీంతోనే పని.

లెక్కల్లోకి దిగేముందు ఒక చిన్న పరీక్ష. నెట్ నెమ్మదించడానికి కారణం లైన్ నిండిపోవడమే కానక్కర్లేదు. రెండు గోడల అవతల పడుకుని చూసేవాడికి వైఫై సిగ్నల్ బలహీనంగా ఉండొచ్చు. అలాంటిచోట ఎవరికి ఎంత లిమిట్ పెట్టినా ఒరిగేదేం లేదు. కాల్ తెగుతున్న ల్యాప్‌టాప్‌లోనే, తెగుతున్న సమయంలోనే, రెండు విండోలు తెరిచి ఒక్కోదాంట్లో ఒక్కో కమాండ్ నడపాలి. విండోస్‌లో ఇలా:

```
ping -t 192.168.0.1
ping -t 8.8.8.8
```

మొదటిది మన రౌటర్‌ను పలకరిస్తుంది, రెండోది గూగుల్ సర్వర్‌ను. జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో వరసగా చూపిస్తాయి. రౌటర్ దగ్గర నుంచి వచ్చే జవాబే వందల్లోకి ఎగిరిపడుతుంటే, మధ్య మధ్య రాకుండా పోతుంటే, జబ్బు వైఫైలో ఉంది. రౌటర్‌ను గది మధ్యకు మార్చడమో, 5 గిగాహెర్ట్జ్ ఉన్న రౌటర్ కొనడమో చేయాలి. అలా కాకుండా రౌటర్ రెండు మూడు మిల్లీసెకన్లలో పలుకుతూ, గూగుల్ మాత్రం మామూలు 20 నుంచి 400కు పోతే, లైన్ దగ్గర ఏదో పేరుకుపోతోంది. మన ఫ్లాట్‌లో జరిగింది ఈ రెండోదే అనుకుని ముందుకు పోదాం.

బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి రౌటర్‌లోకి లాగిన్ అయితే, ఎడమ పక్క మెనూలో చివర `System Tools`, దాని కింద `Statistics` ఉంటాయి. అక్కడ లెక్క `Disabled` అని ఉంటే `Enable` చేయాలి. కింద ఒక పట్టిక వస్తుంది. ఒక్కో వరుస ఒక్కో పరికరానిది: దాని ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్, ఆ తర్వాత `Total` పేరుతో ఒక లెక్క, `Current` పేరుతో ఇంకో లెక్క. ఏ ఐపీ ఎవరిదో తెలియాలంటే `DHCP` మెనూలో `DHCP Clients List` చూడాలి. అక్కడ పేర్లు కొంతవరకు అర్థమయ్యేలా ఉంటాయి. అర్థంకాని పేరు కనబడితే ఎవరిదో ఊహించే బదులు ఒక్కొక్కరి వైఫై ఆపించి ఏ వరుస కదలడం మానేసిందో చూడటం మేలు.

అందరూ పొరబడే చోటు ఇక్కడే. పట్టిక తెరవగానే కన్ను `Total` మీదికి పోతుంది. అందులో పెద్ద అంకె ఎవరిదో వాడే దొంగ అనిపిస్తుంది. మన ఫ్లాట్‌లో పొద్దున `Reset` నొక్కి, రాత్రి తొమ్మిది నలభైకి చూశామనుకోండి. టీవీ ఆరు గంటలు నడిచింది. హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ చొప్పున వేసుకుంటే పదమూడున్నర జీబీ. రెండో స్థానంలో ఒక ల్యాప్‌టాప్, పది జీబీ. కాగితం మీద టీవీయే నేరస్తురాలు. కానీ `Total` చెప్పేది పొద్దుటి నుంచి ఎంత తిన్నారన్నది. నెలాఖరుకు ప్లాన్‌లోని డేటా కోటా ఎవరు కరిగించారో తేల్చుకోవాలంటే ఆ అంకె కావాలి. తొమ్మిది నలభైకి కాల్ ఎందుకు తెగిందో తేల్చడానికి ఈ నిమిషంలో ఎంత లాగుతున్నారన్న లెక్క కావాలి, అది `Current`లో ఉంటుంది.

ఆ పేజీలోనే పైన `Packets Statistics Interval` అని ఒక గడి ఉంటుంది. 5 నుంచి 60 సెకన్ల మధ్య ఏదైనా పెట్టుకోవచ్చు. దాన్ని 60 చేయమంటాను. ఎందుకంటే వీడియో యాప్‌లు ధారగా డేటా తెచ్చుకోవు. ఒక ముక్క గబగబా దించుకుని, అది చూపించేదాకా ఊరుకుని, మళ్లీ ఇంకో ముక్క దించుకుంటాయి. ఐదు సెకన్ల లెక్కలో టీవీ ఒకసారి సున్నా, ఇంకోసారి రాక్షసి. నిమిషం లెక్క తీసుకుంటే ఆ ఎగుడుదిగుళ్లు చదునవుతాయి.

ఇప్పుడు పట్టికలో `Current` కింద టీవీకి 3,75,00,000 బైట్లు, ఆ ల్యాప్‌టాప్‌కు 25,50,00,000 బైట్లు కనిపించాయనుకుందాం. 60తో భాగిస్తే సెకనుకు ఎన్ని బైట్లో వస్తుంది, 8తో గుణిస్తే బిట్లు. టీవీది 50 లక్షల బిట్లు, అంటే 5 ఎంబీపీఎస్. ల్యాప్‌టాప్‌ది 3 కోట్ల 40 లక్షలు, అంటే 34 ఎంబీపీఎస్. నలభై ఎంబీపీఎస్ ఇంట్లో ముప్పై నాలుగు ఒక్కడిదే! మీ రౌటర్ ఆ గడిలో చూపించేది నిమిషం మొత్తమా, ఇంకోలాగా లెక్కవేసిందా అని అనుమానం ఉంటే, తీర్చుకోవడం తేలికే. ఒక ల్యాప్‌టాప్‌లో స్పీడు తెలిసిన పెద్ద డౌన్‌లోడ్ రెండు నిమిషాలు నడిపి, దాని వరుసలో ఏం పడిందో చూసి పోల్చుకోవచ్చు.

ఆ ల్యాప్‌టాప్ ఎవరిదయ్యా అంటే, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడిది. పాపం అతను ఆ సమయంలో నెట్ ముట్టుకోలేదు, ప్రమాణం చేసి చెబుతాడు. చెప్పేది నిజమే. తొమ్మిదింటికి కెమెరా కార్డులోంచి అరవై జీబీ క్లిప్పులు ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి భోజనానికి లేచాడు. ఆ ఫోల్డర్ క్లౌడ్ డ్రైవ్‌తో ముడిపడి ఉంది. మిగతాది ల్యాప్‌టాపే చూసుకుంటోంది. ఇతని స్థానంలో ఊరి నుంచి వచ్చాక వైఫై దొరకగానే ఫొటోలు బ్యాకప్ మొదలుపెట్టిన ఫోను ఉండొచ్చు, రోజంతా క్లౌడ్‌కు పంపే సీసీ కెమెరా ఉండొచ్చు. ఇలాంటివన్నీ మనిషి చేత్తో చేసే పనులు కావు. అందుకే అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ పాత పట్టిక వచ్చే బైట్లనూ పోయే బైట్లనూ కలిపి చూపిస్తుంది. ఆ 34లో దించుకునేది ఎంత, పంపేది ఎంత అన్నది అక్కడ తెలియదు. దానికి `Status` పేజీకి వెళ్లాలి. అడుగున `Traffic Statistics` కింద `Received`, `Sent` అని ఇంటి మొత్తం లెక్క విడివిడిగా ఉంటుంది. ఒకసారి రాసుకుని, నిమిషం ఆగి, `Refresh` నొక్కి మళ్లీ రాసుకోవాలి. మన ఫ్లాట్‌లో ఆ నిమిషంలో `Sent` పాతిక కోట్ల బైట్ల పైన పెరిగింది, `Received` ఆరేడు కోట్లు. అంటే పంపే దారి నిండిపోయింది, తెచ్చుకునే దారి దాదాపు ఖాళీ.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఉంది. తెచ్చుకునే దారి ఖాళీగా ఉన్నప్పుడు మిగతావాళ్లకు పేజీలు కూడా ఎందుకు తెరుచుకోవు? నెట్‌లో ఏది దించుకోవాలన్నా మధ్య మధ్య మన వైపు నుంచి "అందింది, తర్వాతది పంపు" అనే చిన్న రసీదులు వెళ్తుండాలి. అవి అవతలికి చేరకపోతే సర్వర్ ఆగి చూస్తుంది. లైను మోసుకెళ్లగలిగినదానికంటే వేగంగా ల్యాప్‌టాప్ పంపుతూ ఉంటే, వెళ్లలేనివి మోడెం లోపల వరుసకడతాయి. టోల్‌గేట్ దగ్గర వందల లారీలు బారులు తీరితే వెనకాల వచ్చిన అంబులెన్సు గతేమిటో, ఆ చిన్న రసీదులదీ, వీడియో కాల్‌లోని మాటల ముక్కలదీ అదే గతి. ఇందాక పింగ్ 20 నుంచి 400కు పోయింది ఈ వరుసలో నిలబడ్డ సమయమే. కాల్‌కు కావాల్సింది రెండు మూడు ఎంబీపీఎస్ మించదు, కానీ అది ఆలస్యాన్ని భరించదు. టీవీ ముందే కొంత దించుకుని ఉంచుతుంది కాబట్టి ఓర్చుకుంటుంది. అందుకే మ్యాచ్ చక్కగా నడుస్తూ కాల్ తెగింది, అందరికీ అనుమానమూ దాని మీదికే పోయింది.

దోషి దొరికాడు, ఇక లిమిట్. దానికంటే ముందు ఆ ల్యాప్‌టాప్‌కు ఒక స్థిరమైన చిరునామా ఇవ్వాలి. ఎందుకంటే ఈ రౌటర్‌లో లిమిట్ పడేది ఐపీ మీద. ఇవాళ 105గా ఉన్నది రేపు 108 కావచ్చు, అప్పుడు లిమిట్ పాపం ఇంకెవరి నెత్తినో పడుతుంది. `DHCP` కింద `Address Reservation`లో ఆ ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ ఇచ్చి, దానికి 192.168.0.199 కేటాయిద్దాం. రౌటర్ పంచే 100 నుంచి 199 వరకు ఉన్న అడ్రసుల్లో చివరిది తీసుకోవడానికి కారణం కాసేపట్లో తెలుస్తుంది.

ఫోన్ల విషయంలో ఇక్కడ ఒక పేచీ. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోను వైఫైకి తన అసలు మ్యాక్ అడ్రస్ చెప్పడం మానేసి ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో మారుపేరు చెబుతోంది. సాధారణంగా ఆ ఇంటి వరకు ఆ మారుపేరు అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లో మారిస్తే మాత్రం కొత్త పేరుతో కొత్త మనిషిలా వచ్చి కూర్చుంటుంది, లిమిట్ ఎక్కడో ఉండిపోతుంది. ఇంట్లో నమ్మకం ఉంటే ఆ ఒక్క వైఫైకి మారుపేరు వాడకం ఆపేయమనడం సులువు. ఫోను వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ పేరు నొక్కితే ఆండ్రాయిడ్‌లో `Privacy` కింద, ఐఫోన్‌లో `Private Wi-Fi Address` దగ్గర ఇది ఉంటుంది.

ఇప్పుడు `Bandwidth Control` మెనూ. మొదట అది ఇంటి మొత్తానికి రెండు అంకెలు అడుగుతుంది: `Egress Bandwidth`, అంటే పోయేది; `Ingress Bandwidth`, అంటే వచ్చేది. రెండూ కేబీపీఎస్‌లో, కాబట్టి 1 ఎంబీపీఎస్‌కు 1,000 అని వేసుకోవచ్చు. ఇక్కడ ప్లాన్ మీద రాసి ఉన్న 40,000 వేస్తే అంతా వృథా. రాసిపెట్టుకున్న 38లో పదో వంతు తగ్గించి 34,000 వేయాలి. చేజేతులా స్పీడు ఎందుకు తగ్గించుకోవాలి అనిపిస్తుంది. తగ్గించకపోతే లారీల వరుస ఎప్పటిలాగే మోడెం దగ్గరే కడుతుంది, అక్కడ మన మాట చెల్లదు. లైను సామర్థ్యం కంటే కాస్త తక్కువకే రౌటర్ గేటు వేస్తే వరుస రౌటర్ దగ్గరకు వస్తుంది, ఎవరిని ముందు వదలాలో అదే తేలుస్తుంది.

తర్వాత `Rules List`లో `Add New`. ఐపీ దగ్గర 192.168.0.199, పోయేదానికి గరిష్ఠం 15,000, కనిష్ఠం 1,000. వచ్చేదానికి గరిష్ఠం 30,000, కనిష్ఠం 1,000. కనిష్ఠం అంటే ఎంత రద్దీలోనైనా అతనికి దక్కాల్సిన వాటా. అందరి కనిష్ఠాలు కూడితే ఇంటి మొత్తాన్ని మించకూడదు. ఇంకో రూల్‌లో 192.168.0.100 నుంచి 192.168.0.198 వరకు, అంటే మిగతా ఇల్లంతా, పోయేదానికీ వచ్చేదానికీ గరిష్ఠం 34,000. చివరి అడ్రస్ తీసుకుంది ఇందుకే. మధ్యలోది ఇచ్చి ఉంటే మిగతావాళ్లను రెండు ముక్కలుగా రాయాల్సి వచ్చేది. `Priority`లో 1 అన్నిటికంటే ముందు, 8 వెనక. ఎడిటర్ రూల్‌కు 8, మిగతావాళ్లకు 5 చాలు.

పదిహేను అనే అంకె ఎక్కడిది? అరవై జీబీ అంటే 4,80,000 మెగాబిట్లు. 38 చొప్పున పంపితే మూడున్నర గంటలు. 5కు బిగిస్తే రోజున్నర దాటకపోయినా ఇరవై ఆరు గంటలకు పైనే, అతని పని ఆగిపోతుంది, రెండో రోజే రౌటర్ పాస్‌వర్డ్ కనుక్కుని రూల్ తీసేస్తాడు. 15 చొప్పున సుమారు తొమ్మిది గంటలు. పడుకునేముందు పెట్టుకుంటే తెల్లారి క్లయింటుకు లింకు పంపొచ్చు. మిగతా ముగ్గురికి పంపడానికి 19 మిగిలింది, మూడు కాల్స్‌కు అది చాలా ఎక్కువ. లిమిట్ పెట్టేటప్పుడు అవతలివాడి పని ఎన్ని గంటలకు పూర్తవుతుందో ఇలా అతని ముందే లెక్క కట్టాలి. అతనికి చెప్పకుండా బిగించడం నాకైతే నచ్చదు. పైగా ఈ పట్టికలో ఎవరు ఎంత వాడారన్నది మాత్రమే ఉంటుంది, ఏం చూశారన్నది ఉండదు. ఆ మాట ముందే చెబితే ఇంట్లో సగం గుసగుసలు ఆగిపోతాయి.

సేవ్ చేశాక పనిచేసిందో లేదో చూడాలి. ఎడిటర్ ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే అప్‌లోడ్ 15 దగ్గర ఆగాలి. ఇంకో ల్యాప్‌టాప్‌లో 34కు కాస్త అటూ ఇటూ రావాలి. క్లౌడ్‌కు కాపీ నడుస్తుండగా 8.8.8.8కు పింగ్ ముప్పై నలభైలకు దిగి అక్కడే ఉండాలి. స్పీడ్ టెస్ట్ లిమిట్‌ను లెక్కచేయకుండా పదిహేను దాటి చూపిస్తే మొదట చూడాల్సింది ఆ ల్యాప్‌టాప్‌కు 199 వచ్చిందా అని. కేటాయింపు రాశాక వైఫై ఒకసారి ఆపి మళ్లీ పెడితేనే కొత్త అడ్రస్ వస్తుంది. కేబుల్‌కూ వైఫైకీ మ్యాక్ అడ్రసులు వేరు కాబట్టి కేబుల్ గుచ్చినా పాత లిమిట్ వర్తించదు. ఇవేవీ కాకపోతే, అతను పక్కనున్న వేరే డబ్బాకు కనెక్టయి ఉంటాడు.

ఆ వేరే డబ్బా సంగతి చెప్పుకోవాలి. ఫైబర్ కనెక్షన్లలో కంపెనీ ఇచ్చే పెట్టెకే సొంత వైఫై ఉంటుంది. అలాంటి చాలా పెట్టెల్లో ఎవరెవరు కనెక్టయ్యారో చూపిస్తారు తప్ప ఎవరు ఎన్ని బైట్లు వాడారో చూపించరు. అప్పుడు దాని వెనక మన రౌటర్ తగిలించి, దాని వైఫై ఆపేయాలి. ఆపకపోతే సగంమంది దానికే అతుక్కుని ఉంటారు, మన పట్టికలో కనిపించరు. అలాగే మన రౌటర్ కింద ఇంకో రౌటర్ ఉంటే, దాని వెనకున్న వాళ్లంతా ఒకే వరుసగా కనిపిస్తారు. లెక్క ఆ రెండో రౌటర్‌లోనే తీయాలి.

కొత్త రౌటర్లలో మరో ఆటంకం. వేగం కోసం ప్యాకెట్లను ప్రాసెసర్‌కు చూపించకుండా పక్కదారిన పంపే ఏర్పాటు వాటిలో ఉంటుంది. టీపీ-లింక్ కొన్ని మోడళ్లలో దాని పేరు `NAT Boost`. అది పనిచేస్తున్నంతసేపు లెక్కా ఉండదు, లిమిటూ పడదు. మైక్రోటిక్ రౌటర్లలో ఇదే `FastTrack`. దాన్ని ఆపి, ఒక్క లైనుతో లిమిట్ పెట్టవచ్చు:

```
/queue simple add name=editor target=192.168.88.50/32 max-limit=15M/30M
```

గీతకు ముందున్నది ఆ ల్యాప్‌టాప్ పంపేది, తర్వాతది తెచ్చుకునేది. తిప్పి రాస్తే లిమిట్ పడినట్టే ఉంటుంది, అప్‌లోడ్ మాత్రం 30 దాకా పోతూనే ఉంటుంది. మైక్రోటిక్‌లో `Torch` తెరిస్తే పంపేదీ తెచ్చుకునేదీ విడివిడిగా అప్పటికప్పుడు కనబడతాయి, ఇందాకటిలా రెండు పేజీలు తిరగక్కర్లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించిన రౌటర్‌లో లెక్కకు `nlbwmon` ఉంది. అందులోనే `cake` అనే పద్ధతిని ఇంట్లో ఒక్కో పరికరానికీ సమాన వాటా వచ్చేలా అమర్చుకుంటే, ఎవరికీ విడిగా అంకె రాసే పని లేదు: ఎడిటర్ ఒక్కడే ఉన్నప్పుడు లైనంతా అతనిది, ఇంకొకరు కాల్ మొదలుపెట్టగానే ఆ కాల్‌కు కావాల్సింది ముందు వదులుతుంది. పదిహేను అని కట్టేస్తే అర్ధరాత్రి లైను ఖాళీగా ఉన్నా పదిహేనే కదా, ఆ వృథా ఇందులో లేదు.

రౌటర్ జోలికే పోలేని చోట, అంటే పాస్‌వర్డ్ ఇంటి ఓనరు దగ్గరో పీజీ వాళ్ల దగ్గరో ఉన్న చోట, ఎడిటర్ తన ల్యాప్‌టాప్‌లోనే కళ్లెం వేసుకోవచ్చు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ కంప్యూటర్ యాప్‌ల సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టే గడి ఉంటుంది. అక్కడ కొలత మారుతుంది, సెకనుకు కిలోబైట్లు అడుగుతుంది. 15 ఎంబీపీఎస్ కావాలంటే 15,000ను 8తో భాగించి 1,875 రాయాలి. పొరపాటున 15,000 రాస్తే అది 120 ఎంబీపీఎస్ అవుతుంది, లిమిట్ లేనట్టే.